తోటి ఉద్యోగులు సర్టిఫికెట్ అందుకునే వేళ మూడు నిమిషాల ప్రసంగం

ఉద్యోగంలో ఉంటూనే ఏదో ఒక శిక్షణ పూర్తిచేసి, పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ల కోసం ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో చిన్న సభలు పెడుతుంటారు. సర్టిఫికెట్లు చేతికిచ్చే ముందు మేనేజరో, సూపర్‌వైజరో, బాగా అనుభవమున్న ఉద్యోగో రెండు మూడు నిమిషాలు మాట్లాడతారు. ఆ కాస్త సమయంలో ఆ ప్రసంగం మూడు పనులు చేయాలి. నెగ్గినవాళ్లు ఏం నేర్చుకున్నారో మిగతావాళ్లకు తెలియజేయాలి. అందుకు వాళ్లు పడిన శ్రమను అందరి ముందూ గుర్తించాలి. రేపటి నుంచి ఏ అవసరానికి ఎవరిని పిలవాలో చెప్పాలి. బడిలో బహుమతులిచ్చే సభకూ దీనికీ తేడా ఈ మూడో పనిలోనే ఉంది. బడిలో వచ్చిన బహుమతి పిల్లవాడి సొంతం. పనిచేసే చోట వచ్చిన సర్టిఫికెట్ వల్ల పక్కన పనిచేసేవాడికి కూడా ఒక ఉపయోగం కలుగుతుంది. ఆ ఉపయోగం ఏమిటో సభలో కూర్చున్నవాళ్లకు అర్థమైతే అభినందన దానంతటదే నిండుగా ఉంటుంది.

సభల్లో చేసే ప్రశంసా ప్రసంగాన్ని ఒక ప్రత్యేకమైన రకంగా గుర్తించి రాసినవాడు క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. కోర్టులో వాదించేది ఒక రకం, ప్రజాసభలో సలహా చెప్పేది ఇంకో రకం, వేడుకలో పొగిడేది మూడో రకం అని ఆయన విభజించాడు. పొగడ్తా సలహా దగ్గరి చుట్టాలని కూడా చెప్పాడు. ఒకడు చేసిన పనిని మెచ్చుకుంటే, అలాంటి పని చేయమని వినేవాళ్లకు చెప్పినట్లే అవుతుందని ఆయన ఉద్దేశం. సర్టిఫికెట్ల సభకు ఈ మాట బాగా వర్తిస్తుంది. అభినందన వినేవాళ్లలో ఎక్కువమంది ఆ సర్టిఫికెట్ లేనివాళ్లే. వాళ్లు ఏం చేయాలన్నది పొగడ్తలోనే ఇమిడి ఉండాలి.

దీన్ని ఒక ఉదాహరణతో వివరంగా చూడవచ్చు. విశాఖపట్నం ఆటోనగర్ లాంటి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉందనుకుందాం. ఉక్కు పలకలు కోసి, వంచి, వెల్డింగ్ చేసి ట్యాంకులు, దూలాలు తయారుచేసే చోటు. రెండు షిఫ్టులు నడుస్తాయి. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఒకటి, 2 నుంచి రాత్రి 10 వరకు ఇంకొకటి. ఒక్కో షిఫ్టులో 160 మంది పనిచేస్తారు. వీళ్లలో తొమ్మిది మంది ప్రథమ చికిత్స శిక్షణ తీసుకొని పరీక్ష నెగ్గారు. నలుగురు వెల్డర్లు, ఇద్దరు ఫిట్టర్లు, ఒక క్రేన్ ఆపరేటరు, స్టోర్స్‌లో పనిచేసే ఒకామె, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు. షిఫ్టు మారే వేళ, మధ్యాహ్నం 2 గంటలకు, షెడ్డు ముందరి ఖాళీ స్థలంలో వాళ్లకు సర్టిఫికెట్లు ఇస్తారు. మాట్లాడే బాధ్యత ప్రొడక్షన్ మేనేజరుది.

మాట్లాడబోయే వ్యక్తి ముందుగా తెలుసుకోవలసింది ఆ సర్టిఫికెట్ ఎందుకు అవసరమైందన్న విషయం. మన దేశంలో 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లో ప్రథమ చికిత్స ఏర్పాట్ల గురించి చెప్పింది. ఏ వేళ చూసినా పనిలో ఉండే ప్రతి 150 మందికి కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనేది. ఒక్కో పెట్టెకు వేరువేరుగా ఒక బాధ్యుడుండాలనేది. ఆ బాధ్యుడికి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండవలసి ఉండేది. పనివేళల్లో అతను పిలిస్తే పలికేంత దగ్గరలో ఉండవలసి ఉండేది. నిర్ణయించిన వస్తువులు తప్ప పెట్టెలో మరేదీ ఉంచకూడదన్న నియమం కూడా ఆ సెక్షన్‌లోనే ఉండేది. తాళం చెవులు, పాత రసీదులు, తలనొప్పి మాత్రలు పెట్టెలోకి చేరిపోవడం చూసినవాళ్లకు ఆ నియమం ఎందుకు పెట్టారో వెంటనే అర్థమవుతుంది.

ఈ లెక్క తెలిస్తే తొమ్మిది మంది ఎందుకు కావలసివచ్చిందో తెలుస్తుంది. షిఫ్టులో ఉన్నది 160 మంది. 150 దాటారు కాబట్టి ఆ లెక్కన పెట్టెలు రెండుండాలి. రెండు పెట్టెలకు ఇద్దరు, రెండు షిఫ్టులకు నలుగురు. వారానికొక సెలవుంటుంది, జ్వరాలుంటాయి, ఊళ్లో పెళ్లిళ్లుంటాయి. కాబట్టి ఒక్కొక్కరికి మారుగా ఇంకొకరుండాలి. అలా ఎనిమిది మంది అవుతారు. తొమ్మిదో మనిషి గేటు దగ్గరి గార్డు. 108కి ఫోన్ చేసి, వచ్చిన అంబులెన్సును తిన్నగా దెబ్బ తగిలిన చోటికి నడిపించేది అతనే. ఈ లెక్కంతా ప్రసంగంలో చెప్పనక్కరలేదు. కానీ ఇది తెలిసిన మనిషి నోట తొమ్మిది మంది గుంపుగా కాకుండా ఒక్కొక్కరికీ ఒక్కో చోటు ఉన్నవాళ్లుగా వినిపిస్తారు.

రెండోది, శిక్షణలో ఏది కష్టమో తెలుసుకోవడం. ఇందుకు శిక్షణ తీసుకున్నవాళ్లలో ఒకరిద్దరితో టీ తాగే వేళ పది నిమిషాలు మాట్లాడితే చాలు. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం బొమ్మ మీద నేర్పుతారు. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా లోతు దిగేలా నొక్కాలి. 30 సార్లు నొక్కి రెండు సార్లు శ్వాస ఇవ్వాలి. రెండు నిమిషాలు గడిచేసరికి మంచి బలమున్న మనిషికి కూడా చేతులు లాగుతాయి, లోతు తగ్గిపోతుంది. అందుకే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలని నేర్పుతారు. రోజంతా ఇనుముతో పనిచేసే వెల్డరుకు కూడా చెమటలు పట్టించిన పని ఇది. ‘ఎంతో కష్టపడి నేర్చుకున్నారు’ అని పది సార్లు అనడం కంటే ఈ ఒక్క పని గురించి చెబితే వినేవాళ్లకు ఆ కష్టం కళ్లకు కడుతుంది.

మూడోది, సభ జరిగే వేళ ఎలాంటిదో గమనించడం. 2 గంటలకు ఒక షిఫ్టు దిగుతోంది, వాళ్ల కోసం బస్సు బయట ఆగి ఉంది. ఇంకో షిఫ్టు ఎక్కుతోంది, వాళ్లు మిషన్ల దగ్గర ఛార్జి తీసుకోవాలి. అందరూ నిలబడే ఉంటారు. మన సభల అలవాటు ప్రకారం వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా, హోదాలతో సహా సంబోధించడం మొదలుపెడితే మూడు నిమిషాలూ అందులోనే హరించుకుపోతాయి. అందరికీ ఒక్క నమస్కారం పెట్టి నేరుగా విషయంలోకి వెళ్లడమే ఇక్కడ మర్యాద. పెద్దల పేర్లు సభ నడిపే మనిషి మొదట్లోనే చెప్పేస్తాడు కాబట్టి ఎవరికీ లోటు జరగదు.

ఈ మూడూ తెలుసుకున్నాక ప్రసంగం ఇలా ఉండవచ్చు.

‘అందరికీ నమస్కారం. బస్సు బయట ఆగి ఉంది. మూడు నిమిషాల్లో ముగిస్తాను.

ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తెచ్చుకున్న తొమ్మిది మంది ఇవాళ్టి నుంచి మన షెడ్డులో ఉన్నారు. మీ అందరి తరఫునా వాళ్లకు నా హృదయపూర్వక అభినందనలు.

రెండు ఆదివారాలు ఇంటిపట్టున ఉండకుండా వచ్చి వీళ్లు ఇది నేర్చుకున్నారు. ఆ రెండు రోజులకు బదులు సెలవు వచ్చే నెలలో ఇస్తున్నాం. రాత పరీక్ష రాశారు. తర్వాత ఒక్కొక్కరూ డాక్టరు గారి ఎదుట చేసి చూపించారు. గుండె ఆగిన మనిషికి నిమిషానికి వంద సార్లకు తగ్గకుండా, రెండంగుళాల లోతు దిగేలా ఛాతీ నొక్కాలి. రెండు నిమిషాలు చేసేసరికి మన వెల్డర్లకే చేతులు లాగాయట. అయినా లోతు తగ్గనివ్వలేదు. అందుకే నెగ్గారు.

ఇన్నాళ్లూ చేయి కాలితే మనం ఏం చేశాం? పేస్టు రాశాం, గ్రీజు రాశాం. ఇకమీదట వీళ్లు రాయనివ్వరు. కాలిన చేతిని 20 నిమిషాలు కొళాయి కింద పెట్టిస్తారు. ఆ 20 నిమిషాలు పని ఆగుతుంది. ఆగితే ఆగనివ్వండి. ఫోర్‌మన్లకు ఈ మాట నేను ముందే చెప్పాను.

పెట్టెలు రెండున్నాయి. ఒకటి వెల్డింగ్ బేలో స్తంభం దగ్గర, ఇంకొకటి స్టోర్స్ గుమ్మం పక్కన. ఆ షిఫ్టులో ఎవరున్నారో పెట్టె మీద రాసి ఉంటుంది. దెబ్బ చిన్నదే అనుకోకుండా వాళ్లను పిలవండి. పెద్ద దెబ్బయితే గేటుకు కబురు చేయండి. అక్కడి నుంచి 108కి ఫోన్ వెళ్తుంది.

నేర్పిన శిక్షకులకు, రెండు ఆదివారాలు వీళ్లను మన కోసం పంపిన ఇంటివాళ్లకు కృతజ్ఞతలు. ఇప్పుడు పేర్లు పిలుస్తాను. ఒక్కొక్కరే ముందుకు రండి. చప్పట్లు ఒక్కొక్కరికీ విడిగా కొడదాం.’

నిదానంగా, వాక్యం వాక్యానికీ ఆగుతూ చదివినా ఇది మూడు నిమిషాలు దాటదు. ఇందులో పొగడ్త మాట ఒక్కటే ఉంది, అది రెండో పేరాలో వచ్చే ‘హృదయపూర్వక అభినందనలు’. మిగతా గౌరవమంతా వివరాల్లోంచి వస్తుంది. డాక్టరు ఎదుట చేసి చూపించారు, లోతు తగ్గనివ్వలేదు, పేస్టు రాయనివ్వరు అని చెప్పినప్పుడు ఆ మనుషులకు ఏం తెలుసో, ఏం చేయగలరో తెలుస్తుంది. ‘అంకితభావం’, ‘పట్టుదల’, ‘ఆదర్శం’ లాంటి మాటలు ఏ సభలోనైనా, ఎవరి గురించైనా అనగలిగినవి కాబట్టి విన్నవాళ్లు వాటిని మనసులో నిలుపుకోరు.

కాలిన గాయం గురించిన పేరా ఈ ప్రసంగానికి కీలకం. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో తరచూ జరిగేది చేయి కాలడమే. కాలిన వెంటనే చల్లని పారే నీళ్లను 20 నిమిషాల పాటు పోస్తే చర్మం లోపలి పొరల్లోకి వేడి దిగడం తగ్గుతుంది. పేస్టు, గ్రీజు, పసుపు లాంటివి రాస్తే వేడి బయటికి పోదు, తర్వాత డాక్టరు గాయాన్ని శుభ్రం చేయడం కూడా కష్టమవుతుంది. ఈ సంగతి తొమ్మిది మందికి తెలిసినంత మాత్రాన సరిపోదు. పని ఆగుతుందని ఫోర్‌మన్ కసురుకుంటే, ప్రథమ చికిత్స తెలిసిన కొత్త వెల్డరు రెండో నిమిషంలోనే కొళాయి కట్టేస్తాడు. అందుకే మేనేజరు అందరి ముందూ ‘ఆగితే ఆగనివ్వండి’ అన్నాడు. ఆ మాటతో సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు షెడ్డులో ఒక అధికారం వచ్చింది. దాన్ని వాళ్లంతట వాళ్లు తెచ్చుకోలేరు, ఇవ్వగలిగినవాళ్లే ఇవ్వాలి. అభినందన సభలో మేనేజరే స్వయంగా మాట్లాడటానికి అసలు కారణం అదే.

ఆ మాట అనే ముందు ఫోర్‌మన్లతో విడిగా మాట్లాడి ఉండాలి. సభలోనే మొదటిసారి చెబితే అది వాళ్లను అందరి ముందూ మందలించినట్లవుతుంది. ఆదివారాల సంగతి కూడా అంతే. బదులు సెలవు ఇవ్వకుండా ‘సెలవులు త్యాగం చేశారు’ అని మెచ్చుకుంటే, కార్మికులకు అది అభినందనగా వినపడదు. ఇవ్వవలసినది ఇచ్చి, ఆ సంగతి చెప్పి, తర్వాత శ్రమను గుర్తిస్తే మాటకు విలువ ఉంటుంది.

ఇలాంటి ప్రసంగాల్లో తరచూ దొర్లే పొరపాట్లలో మొదటిది, నెగ్గనివాళ్లను బయటపెట్టడం. పన్నెండు మంది పరీక్ష రాస్తే తొమ్మిది మంది నెగ్గారనుకుందాం. ‘పన్నెండు మందిలో తొమ్మిది మంది’ అన్న లెక్క మేనేజరుకు గర్వంగా అనిపించవచ్చు. కానీ ఆ మాట వినగానే మిగతా ముగ్గురెవరని అందరి కళ్లూ వెతుకుతాయి. నూటికి ఇంతమంది అని చెప్పినా అదే జరుగుతుంది. నెగ్గినవాళ్ల సంఖ్య మాత్రమే చెప్పి, మళ్లీ పరీక్ష ఎప్పుడో ఆ ముగ్గురికీ విడిగా చెప్పడం సరైన దారి. మార్కులు చదవడం, మొదటి స్థానం ఎవరిదో ప్రకటించడం కూడా అక్కరలేదు. ఆ సర్టిఫికెట్ చెప్పేది అర్హత ఉందని మాత్రమే.

రెండో పొరపాటు, సర్టిఫికెట్ ఇవ్వని దాన్ని ఇచ్చినట్లు చెప్పడం. ‘ఇక మన షెడ్డులో ప్రమాదాలుండవు’ అంటే అబద్ధమవుతుంది. ప్రథమ చికిత్స ప్రమాదాన్ని ఆపదు, జరిగాక నష్టాన్ని తగ్గిస్తుంది. ప్రమాదాలను ఆపవలసినవి మిషన్లకు పెట్టే గార్డులు, హెల్మెట్లు, సరైన వైరింగ్, క్రేను కింద మనిషి నిలబడకుండా చూసే క్రమశిక్షణ. ‘వీళ్లు మన డాక్టర్లు’ అనడం ఇంకా ప్రమాదకరం. ప్రథమ చికిత్స చేసేవాళ్లు రక్తం కారే చోట గట్టిగా అదిమిపట్టగలరు, విరిగిన ఎముక కదలకుండా కట్టు కట్టగలరు, స్పృహ తప్పి శ్వాస ఆడుతున్న మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టగలరు. మందులివ్వడం, కంట్లో గుచ్చుకున్న ఇనుప రజను లాగడం వాళ్ల పని కాదు. డాక్టరని పేరు పెడితే నలుగురూ మాత్రలడుగుతారు, పెట్టెలో మళ్లీ మాత్రలు చేరతాయి.

మూడోది, పాత ప్రమాదాన్ని ఉదాహరణగా తీసుకురావడం. కిందటేడు ఫలానా వాడికి దెబ్బ తగిలినప్పుడు వీళ్లు ఉండి ఉంటే అని చెబితే మాట పదునుగా ఉంటుందనిపిస్తుంది. కానీ దెబ్బ తగిలిన మనిషి అక్కడే నిలబడి ఉండవచ్చు, అతని ఇంటివాళ్లకు ఆ మాట చేరవచ్చు, నష్టపరిహారం సంగతి ఇంకా తేలకపోయి ఉండవచ్చు. ప్రమాదం పేరు చెప్పకుండానే పని విషయం చెప్పవచ్చు. పై ప్రసంగంలో ‘చేయి కాలితే మనం ఏం చేశాం’ అన్న వాక్యం ఎవరినీ వేలెత్తి చూపకుండా అందరినీ కలుపుకుంది. శిక్షణలో ఎవరైనా తడబడిన సంగతి చెప్పి నవ్వించడం కూడా ఇదే కారణంగా తగదు.

పేర్లు చదవడం ప్రసంగంలో చివరి అంకం. చాలామందికి సభలో గుర్తుండిపోయేది అదే. ముందురోజే పేర్ల జాబితా తెప్పించుకొని, ఇంటిపేర్లు ఎలా పలకాలో ఆయా మనుషులనే అడిగి తెలుసుకోవాలి. మిషన్ మీద పనిచేసేవాళ్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లుంటే వాళ్ల పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆఫీసులో పనిచేసే మనిషి పేరుకు ‘గారు’ చేర్చి, హెల్పరు పేరు ఉత్తగా పిలిస్తే ఆ తేడా సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ వినపడుతుంది. అందరి పేర్లకూ ‘గారు’ చేర్చాలి, లేదా ఎవరి పేరుకూ చేర్చకూడదు. తెలుగు రానివాళ్లు సభలో ఉంటే పెట్టెలు ఎక్కడున్నాయో, ఎవరిని పిలవాలో చెప్పే నాలుగు వాక్యాలను హిందీలో కూడా చెప్పాలి. ప్రసంగమంతా రెండు భాషల్లో అక్కరలేదు గానీ, ప్రాణానికి సంబంధించిన ఆ నాలుగు వాక్యాలు మాత్రం అందరికీ అర్థం కావాలి.

ప్రసంగంలో చెప్పినవి సభ నాటికే జరిగి ఉండాలి. పెట్టె మీద పేర్లున్నాయని చెప్పి, వెళ్లి చూస్తే ఖాళీ కాగితం కనపడితే మిగతా మాటలను కూడా ఎవరూ నమ్మరు. కాబట్టి మేనేజరు సభకు ముందే రెండు పెట్టెలూ తెరిచి చూడాలి. పేర్ల కాగితం అతికించారా, స్టెరైల్ గాజుగుడ్డ పొట్లాలు, కట్టు గుడ్డలు, త్రికోణపు గుడ్డ, కత్తెర ఉన్నాయా, వాటి గడువు తేదీలు దాటాయా అని చూసుకోవాలి. షిఫ్టు మారినప్పుడల్లా పేర్లు మార్చే పని ఎవరిదో కూడా అప్పుడే తేల్చాలి.

సర్టిఫికెట్‌కూ గడువుంటుంది. ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు సాధారణంగా మూడేళ్లకు మళ్లీ శిక్షణ పొంది తాజా చేసుకోవలసినవి. చేతితో చేసే నైపుణ్యం అంతకంటే ముందే సడలుతుంది. ఛాతీ నొక్కే వేగం, లోతు నెలల వ్యవధిలోనే తగ్గిపోవడం శిక్షకులు తరచూ గమనించే విషయం. అందువల్ల ఆరు నెలలకొకసారి బొమ్మ తెప్పించి ఒక పూట సాధన చేయించడం మంచిది. ఆ తేదీని సభలోనే ప్రకటిస్తే ప్రసంగానికి ఒక వాక్యం పెరుగుతుంది, అంతే. ఆ పూట పని వేళల్లోనే ఉంటుందని కూడా అదే వాక్యంలో చెప్పేస్తే, తర్వాత పేర్లు ఇవ్వడానికి ఇంకొందరు ముందుకొస్తారు.